క్లిక్కులు వచ్చాయి, ఆర్డర్లు రాలేదు: ఫెయిలైన క్యాంపెయిన్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మా నెల్లూరు వాళ్లే ఒక జంట ఆంధ్రా భోజనం డబ్బాలు పంపుతారు. విడి భోజనాలు బాగానే పోతున్నాయని నెలవారీ ప్లాన్ పెట్టారు: 26 భోజనాలు, ముందుగా రూ.3,900. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ యాడ్స్‌కి రూ.30,000 ఖర్చు పెడితే నలుగురు కొన్నట్టు యాడ్స్ మేనేజర్ చూపించింది. "అన్నా, యాడ్ మనవాళ్లకి చేరినట్టు లేదు" అన్నాడతను. ఆమేమో వీడియో బాగాలేదంది. ప్లాన్ మీద, అంటే ఆఫర్ మీద మాత్రం ఇద్దరికీ అనుమానం రాలేదు.

ముందు లెక్క సరిచూడండి. కస్టమర్ యూపీఐ యాప్‌లోకి వెళ్లి డబ్బు కట్టి, మళ్లీ మన పేజీకి రాకుండా అటే వెళ్లిపోతే యాడ్స్ మేనేజర్‌లో `Purchase`, అంటే కొనుగోలు, నమోదు కాకపోవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని చూస్తే కొన్నది ఆరుగురు. తేడా చిన్నదే. అయితే కొన్నిచోట్ల సగం ఆర్డర్లు ఇలాగే కనబడకుండా పోతాయి, అప్పుడు ఫెయిలైంది క్యాంపెయిన్ కాదు, ట్రాకింగ్.

తర్వాత జనం ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో చూడండి. యాడ్ 1,50,000 సార్లు కనబడింది, 1,800 క్లిక్కులొచ్చాయి, పేజీ 1,500 సార్లు తెరుచుకుంది. అంటే వందకి 1.2 క్లిక్కులు. వాళ్ల పాత యాడ్‌కి 1.1 వచ్చింది. ఇతరుల సగటుతో కాకుండా మన పాత యాడ్‌తోనే పోల్చాలి. క్రియేటివ్ అంటే యాడ్‌లో కనబడే వీడియో. దాని పని చూపు ఆపడం, నొక్కించడం, అది జరిగింది. వీడియో నీరసంగా ఉంటే ఈ మెట్టు దగ్గరే పడిపోయేది. ఒక్క జాగ్రత్త: వీడియోలో ధర చెప్పకుండా ఊరించి క్లిక్ చేయిస్తే, తప్పు క్రియేటివ్‌దైనా ఆఫర్‌దిలా కనబడుతుంది. వీళ్ల వీడియోలో ముద్దపప్పు మీద నెయ్యి పడుతుండగానే ధర స్క్రీన్ మీద ఉంది.

ఇక టార్గెటింగ్, అంటే యాడ్ ఎవరికి చూపించాలన్న ఎంపిక. మొత్తం సగటు చూస్తే ఇది బయటపడదు, రిపోర్టును ప్లేస్‌మెంట్, వయసు వారీగా విడగొట్టాలి. ఏరియాలకి విడివిడి యాడ్ సెట్లు పెట్టి ఉంటే ఇంకా మేలు. ఒక ముక్కలో ఆర్డర్లు బాగుండి మిగతావాటిలో సున్నా అయితే మనుషుల ఎంపికలో తేడా ఉన్నట్టు. ఇక్కడ పీజీలుండే బీటీఎం, అపార్ట్‌మెంట్లుండే వైట్‌ఫీల్డ్, రెండు చోట్లా నొక్కారు, రెండు చోట్లా పెద్దగా కొనలేదు. అయితే ఒకచోట నాలుగు, ఇంకోచోట రెండు వస్తే దాన్ని తేడా అనుకోకండి. అంత చిన్న అంకెలు ఏమీ చెప్పవు. బెంగళూరులో ఇంకో చిక్కుంది: భాష సెట్టింగులో తెలుగు మాత్రమే పెడితే, ఫోన్‌ని ఇంగ్లీషులో వాడే మనవాళ్లు జారిపోవచ్చు.

ఇప్పటికీ ఆఫర్‌దే తప్పని తేలలేదు. రూ.3,900 ప్లాన్‌ని విడి భోజనంతో పోల్చడం న్యాయం కాదు. అందుకే నాకు ఎక్కువ నమ్మకమున్న పరీక్ష ఒకటి చేయించాను. యాడ్ లేకుండా, అదే ప్లాన్‌ని పాత కస్టమర్లు 140 మందికి వాట్సాప్‌లో పంపమన్నాను. వీళ్లు రుచి తెలిసినవాళ్లు, డబ్బు కట్టినవాళ్లు. ఇక్కడ టార్గెటింగ్‌ని, వీడియోని తప్పుపట్టడానికి వీల్లేదు. ముగ్గురే కొన్నారు. పేమెంట్ దాకా వచ్చి ఆగిన పాత కస్టమర్లు పన్నెండు మందికి ఆమే ఫోన్ చేసింది. "ఎందుకు కొనలేదు?" అని అడగొద్దని, "ఏ రోజుల్లో డబ్బా కావాలి?" అని అడగమని చెప్పాను. ఎందుకని అడిగితే చాలామంది మర్యాదకి "చూస్తానండీ" అంటారు. ఏడుగురు ఒకటే మాట: "వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకి వెళ్తానక్కా, మిగతా డబ్బాలు ఏమవుతాయి?" ధర ఎక్కువన్నది ఒక్కరే. అంటే డిస్కౌంట్ ఇచ్చి ఉంటే ఆ డబ్బు కూడా పోయేది.

చివరిగా, ఒక్కటే మార్చి మళ్లీ నడపండి. వీడియో మళ్లీ తీయలేదు, ఏరియాలు మార్చలేదు, స్క్రీన్ మీద ధర, ప్లాన్ వివరం మాత్రమే మారాయి: ఆరు భోజనాలు రూ.990, నెలలో ఏ రోజైనా వాడుకోవచ్చు, ముందురోజు రాత్రి చెబితే చాలు. రూ.7,000 ఖర్చుకి పేజీ 360 సార్లు తెరుచుకుంది, 13 మంది కొన్నారు. మూడూ ఒకేసారి మార్చి ఉంటే ఈ ఆర్డర్లు దేనివల్ల వచ్చాయో తెలిసేది కాదు.

ఆ 13లో వైట్‌ఫీల్డ్ నుంచి ఒక్కరే. టార్గెటింగ్ ప్రశ్న అడగాల్సింది ఇప్పుడు. ఇంకో రెండు వారాలు అవే యాడ్ సెట్లు నడవనిచ్చి, అప్పుడు ఆ ఏరియా ఉంచాలో తీసేయాలో చూద్దామన్నాను.