ప్రాస ఉంది, బీట్ మీద ఎందుకు కూర్చోవట్లేదు?

మా మేనల్లుడు రాజోలు దగ్గర రొయ్యల చెరువు మీద పని చేస్తాడు. రాత్రి కాపలాలో నిద్ర రాకుండా ఫోన్‌లో బీట్ పెట్టుకుని రాప్ రాస్తాడు. మొన్న ఇంటికొచ్చినప్పుడు రెండు లైన్లు వినిపించాడు:

పొద్దున్నే లేచి నేను చెరువు గట్టుకి వెళ్తున్నా
మేత బస్తా మోసి నేను అలసిపోయి వస్తున్నా

"ప్రాస ఉంది కదండీ మావయ్యా, మరి బీట్ మీద ఎందుకు కూర్చోవట్లేదు?" అన్నాడు. ఈ రెండు లైన్లలో ఉన్న తప్పులే కొత్తగా తెలుగులో రాప్ రాసేవాళ్లలో చాలామందిలో కనిపిస్తాయి. అందుకని వాటినే విప్పి చూద్దాం.

సమస్య 1: కాగితం మీద ప్రాస కనిపిస్తుంది, బీట్ మీద వినిపించదు

వాడు పెట్టుకున్న బీట్ 90 బీపీఎం, అంటే నిమిషానికి 90 దెబ్బలు. ఒక బార్‌లో నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు నాలుగు గళ్లు, మొత్తం 16 గళ్లు. బీట్ తయారుచేసే యాప్‌లలో వరసగా కనిపించే 16 డబ్బాలు ఇవే. రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద స్నేర్ డ్రమ్ చప్పుడు పడుతుంది, అంటే 5వ గడిలోనూ 13వ గడిలోనూ. చెవి ప్రాస కోసం ఎదురుచూసేది అక్కడే.

"ఎన్ని గళ్లకు రాశావురా?" అని అడిగాను. "ఆయ్, లెక్కపెట్టే రాశానండి, లైనుకి పదహారు అక్షరాలు" అన్నాడు. నిజమే, రెండు లైన్లలోనూ సరిగ్గా పదహారే ఉన్నాయి. పొరపాటు కూడా అక్కడే ఉంది. ఇంగ్లిష్ రాప్ పాఠాల్లో సిలబుల్స్ లెక్కపెట్టమంటారు. ఇంగ్లిష్‌లో మాటలో ఏదో ఒక చోట ఒత్తి పలుకుతారు, ఆ ఒత్తు బీట్ మీద పడితే మిగతావి సర్దుకుంటాయి. తెలుగు మాట నడిచేది ఒత్తు మీద కాదు, నిడివి మీద. 'పాలు'లో పా రెండు గళ్లు తీసుకుంటుంది. దాన్ని ఒక గడిలో కుదిస్తే 'పలు' అయిపోతుంది, మాటే మారిపోతుంది.

అందుకని లెక్కపెట్టాల్సింది మాత్రల్ని. బళ్లో చెప్పిన గురులఘువులే: పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు, సున్నా ఉన్నదానికి రెండు, ఒత్తక్షరానికి ముందున్నదానికి రెండు. మాత్రకొక గడి. ఆ లెక్కన మొదటి లైన్ చూస్తే పొద్దున్నే 6, లేచి 3, నేను 3, చెరువు 3, గట్టుకి 4, వెళ్తున్నా 6. మొత్తం 25. రెండో లైను కూడా 25. పదహారు గళ్ల బార్‌లో ఇరవై అయిదు మాత్రలు!

తీరిగ్గా పలికితే ఏమవుతుందో చూడండి. మొదటి 'తున్నా' 22వ గడిలో మొదలవుతుంది, అంటే తర్వాతి బార్‌లో 6వ గడి, స్నేర్ దాటాక ఒక గడి ఆలస్యం. రెండో లైన్ వెంటనే అందుకుంటే దాని 'తున్నా' మూడో బార్‌లో 15వ గడిలో పడుతుంది. ప్రాస ఒకటే అయినా అది పడిన చోట్లు వేరు కాబట్టి చెవి ఆ రెండిటినీ జత కట్టదు. పోనీ హడావుడిగా ఒకే బార్‌లో ఇరికిద్దామంటే దీర్ఘాలన్నీ నలిగిపోతాయి. మావాడు ఒకసారి అలా, ఒకసారి ఇలా పాడుతున్నాడు. అందుకే పాడిన ప్రతిసారీ వేరేలా వస్తోంది.

పరిష్కారానికి మన దగ్గర పాత పనిముట్టే ఉంది. నాలుగు నాలుగుగా నడిచే చతురస్ర గతి ఈ బార్‌కు అచ్చంగా సరిపోతుంది. 'తకధిమి' నాలుగుసార్లు అంటూ రెండో దానికీ నాలుగో దానికీ చప్పట్లు కొట్టండి. ఆ చప్పట్లు స్నేర్. తర్వాత ప్రతి తకధిమి స్థానంలో నాలుగు మాత్రల మాట పెట్టండి.

వాడి లైన్లోనే 'బస్తా' ఉంది, చివర్లో 'వస్తున్నా' ఉంది. 'వస్తున్నా'ని 'వస్తా' చేస్తే రెండూ జత. ఇంతసేపూ ప్రాస లైన్ మధ్యలోనే ఉంది, వాడు చూసుకోలేదు.

చెరువుకు | బస్తా | మోసుకు | వస్తా

నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు. మొదటి స్నేర్ మీద బస్తా, రెండో స్నేర్ మీద వస్తా. లోపలి ప్రాస అంటే లైన్ మధ్యలో ఎక్కడో అక్కడ రెండు మాటలు కలవడం కాదు. చివరి ప్రాస ఏ రకం దెబ్బ మీద పడుతుందో, లోపలిది కూడా ఆ రకం దెబ్బ మీదే పడాలి. ఇదే జతని 3వ గడిలో ఒకటి, 10వ గడిలో ఒకటి పెట్టి చూడండి, అందులో ప్రాస ఉందని కూడా ఎవరికీ తెలియదు.

ఇంకో మాట. వాడు సాధన చేసేది చెరువులో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ తిరుగుతుంటే. ఆ చక్రాల చప్పుడు సమంగానే ఉంటుంది కానీ దానికి ఒకటో దెబ్బ ఏదో, రెండోది ఏదో ఉండదు. దాంతో పాటు పాడితే లైన్ ఎక్కడ మొదలైనా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోమన్నాను.

సమస్య 2: ప్రాస బీట్ మీదే పడుతోంది, అయినా చప్పగా ఉంది

'వెళ్తున్నా, వస్తున్నా, చూస్తున్నా, రాస్తున్నా' అని తెలుగులో రోజంతా ప్రాస కట్టొచ్చు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, క్రియలకు తోకలు ఒకటే. ఉచితంగా దొరికే ప్రాస కాబట్టి వినేవాడు ముందే ఊహించేస్తాడు.

పరీక్ష తేలిక. తోక కోసేసి చూడండి. 'తున్నా' తీసేస్తే వెళ్, వస్ మిగిలాయి. ఆ రెండిటికీ పోలికే లేదు. అంటే అక్కడ మీరు కట్టిన ప్రాస ఏమీ లేదు, వ్యాకరణం ఇచ్చిందే ఉంది. ఒకవైపు నామవాచకం, ఒకవైపు క్రియ పెడితే (బస్తా, వస్తా) ఊహించడం కష్టమవుతుంది. తోక బలహీనత చాలావరకు పోతుంది.

ఇంకా గట్టిగా కావాలంటే ప్రాసని వెనక్కి పొడిగించాలి. ఒక మాటతో ఆపకుండా దాని ముందు మాటని కూడా కలుపుకుని, నాలుగైదు అక్షరాలు వరసగా కలిసేలా చూడాలి. ఇందుకు నేను చేసే పని హల్లులు పక్కనపెట్టి అచ్చులు మాత్రం కాగితం మీద రాసుకోవడం. 'లాకుల మీద' రాస్తే ఆ-ఉ-అ-ఈ-అ. ఇప్పుడు అదే వరసలో ఇంకేం దొరుకుతుందో వెతకాలి. కాలవ లాకుల దగ్గర చెట్టు కింద కూర్చుని ఆలోచిస్తుంటే 'ఆకుల నీడ' తగిలింది. ఆ-ఉ-అ-ఈ-అ, అయిదుకు అయిదూ కలిశాయి.

లాకుల | మీద | ఆకుల | నీడ

'మీద', 'నీడ' మూడేసి మాత్రలే కాబట్టి ఒక్కో గడి ఖాళీ ఉంటుంది. ద, డ ఒకటి కావు, అయినా అచ్చులన్నీ కలిసినప్పుడు ఆ తేడా చెవికి అడ్డురాదు.

అన్నిసార్లూ అయిదుకు అయిదు దొరకవు. 'మోసుకు వస్తా'కి జతగా 'రాసుకు చూస్తా' పెడితే అచ్చుల్లో మూడే కలుస్తాయి, కానీ సు, కు, స్తా యథాతథంగా వస్తాయి. అది చాలు. తెలుగు చెవికి రెండో అక్షరంలోని హల్లు మీద అలవాటు ఎక్కువ, పద్యాల్లో ప్రాసస్థానం అదే కదా. పద్యంలో ఇంకో నియమం కూడా ఉంది: ప్రాసకు ముందక్షరం ఒక పాదంలో గురువైతే అన్ని పాదాల్లోనూ గురువే, లఘువైతే లఘువే. రాప్‌లో నియమాలన్నీ పాటించక్కర్లేదు కానీ ఇది మాత్రం వదలొద్దంటాను. 'పడి'కి 'పాడి' జత చేస్తే రెండోది ఒక గడి పొడుగు, 'డి' స్నేర్ నుంచి జారిపోతుంది.

ఇలా కూర్చుంటే నాలుగు బార్లు తేలాయి:

చెరువుకు బస్తా మోసుకు వస్తా
చెమటకు లెక్కలు రాసుకు చూస్తా
లాకుల మీద ఆకుల నీడ
లేదొక మేడ, నాదొక జాడ

రెండో లైన్ మధ్యలో ప్రాస లేదు, గమనించారా? కావాలనే వదిలేశాను. ప్రతి లైన్లోనూ ఒకే చోట లోపలి ప్రాస పెడితే ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంటుంది.

సమస్య 3: అన్నీ సరిపోయాయి, కానీ కవాతులా ఉంది

నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు అని ప్రతి మాటా దెబ్బ మీదే మొదలైతే బూట్లు వేసుకుని నడిచినట్టే ఉంటుంది. మందు మూడు మాత్రల మాటలు. మేత, మోసి, గట్టు, దాటి, నేను, చెరువు... తెలుగులో వీటికి కొదవ లేదు.

మేత | మోసి | గట్టు | దాటి | వస్తా

మూడు చొప్పున నాలుగు మాటలు, చివర ఒక నాలుగు. మొత్తం పదహారే. మాటలు 1, 4, 7, 10 గళ్లలో మొదలవుతాయి. రెండో మాట నుంచి దెబ్బ తప్పుతున్నట్టు అనిపిస్తుంది, తీరా 'వస్తా' మాత్రం సరిగ్గా 13వ గడిలో, స్నేర్ మీద వాలుతుంది. రేవులో పంటు పక్కకి కొట్టుకుపోతూ వచ్చి సరిగ్గా ఒడ్డుకి ఆనినట్టు. నాలుగు బార్లలో ఒక్కసారి వాడితే బాగుంటుంది. వరసగా వాడితే వినేవాడికి ఒకటో దెబ్బ ఏదో తెలియకుండా పోతుంది. మావాడికి ఇది తెగ నచ్చేసి నాలుగు లైన్లూ ఇలాగే రాసుకొచ్చాడు, మళ్లీ మొదటికి వచ్చాం.

సమస్య 4: మూడో లైన్‌కి ఊపిరి అందట్లేదు

మొదటి రెండు లైన్లలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. 90 బీపీఎంలో సెకనుకు ఆరు గళ్లు, 32 గళ్లంటే అయిదు సెకన్లకు పైగా ఆపకుండా పలకాలి. లాకుల లైన్లో వచ్చే ఒక్క ఖాళీ గడి సెకనులో ఆరో వంతు, అందులో గాలి పీల్చలేం. ప్రాసకు సంబంధం లేని మాట ఏదో చూసి దాన్ని తీసేయాలి. ఇక్కడ అది 'చెమటకు'. దాని స్థానంలో నాలుగు గళ్లు మౌనంగా ఉండి, స్నేర్ మీద 'లెక్కలు రాసుకు చూస్తా' అని అందుకుంటే ముప్పావు సెకనుకు కాస్త తక్కువ దొరుకుతుంది. అర్థమూ చెడదు, మోసుకు వస్తా-రాసుకు చూస్తా జతా కదలదు.

"చెమట అన్న మాటే పోతే ఎలాగండీ?" అని మావాడు ఒప్పుకోలేదు. రికార్డింగ్‌లో ఆ ఒక్క మాటనీ వేరే ట్రాక్‌లో, వెనక నుంచి ఇంకెవరో అంటున్నట్టు మెల్లగా పెట్టాడు. పక్కన మనిషి లేకుండా పాడాల్సి వస్తే మాత్రం అది మింగేస్తున్నాడు.