ΔS(విశ్వం) గుర్తు తిరగబడి వస్తోందా? ముందు ఇవి చూడండి

ఒక చర్య ఫలానా ఉష్ణోగ్రత దగ్గర తనంతట తాను జరుగుతుందా లేదా అని తేల్చడానికి రాసే లెక్క రెండు లైన్లే.

ΔS(పరిసరాలు) = −ΔH / T

ΔS(విశ్వం) = ΔS(వ్యవస్థ) + ΔS(పరిసరాలు)

విశ్వం విలువ ప్లస్ వస్తే చర్య ఆ ఉష్ణోగ్రత దగ్గర అయత్నీకృతం, మైనస్ వస్తే కాదు, సున్నా వస్తే సమతాస్థితి. ఇంతవరకు అందరికీ వచ్చు. నల్లగొండలో ఇంటర్ పిల్లల పేపర్లు దిద్దుతుంటే సూత్రం రానివాళ్లు నాకు చాలా తక్కువగా కనబడతారు. సూత్రం చక్కగా రాసి, చివర్లో గుర్తు తిరగబడ్డవాళ్లే ఎక్కువ. అందుకే సూత్రం మళ్లీ చెప్పను. గుర్తు ఎక్కడ తిరగబడుతుందో చెబుతాను.

సమస్య: వేడి తీసుకునే ప్రతి చర్యా గది ఉష్ణోగ్రత దగ్గరే జరిగిపోతున్నట్టు వస్తోంది

కారణం కిలోజౌల్. ΔH పట్టికలో కిలోజౌళ్లలో ఉంటుంది, ఎంట్రోపీ జౌళ్లలో ఉంటుంది. ఇది తెలియనివాళ్లు లేరు, అయినా మార్చకుండా కూడేస్తారు. ప్రతి ఏడాదీ ఇదే.

సున్నపురాయి తీసుకోండి. CaCO₃ → CaO + CO₂. ఈ చర్యకు ΔH +178.3 కిలోజౌళ్లు, ΔS(వ్యవస్థ) కెల్విన్‌కు +160.6 జౌళ్లు. 178.3ని అలాగే 298తో భాగిస్తే పరిసరాలకు −0.598 వస్తుంది. దాన్ని 160.6కి కలిపితే విశ్వం +160. అంటే సున్నపురాయి ఎండలో కూర్చుని తనంతట తానే పొడిసున్నం అయిపోవాలి. తాండూరు నాపరాయి కూడా సున్నపురాయే. ఆ లెక్క నిజమైతే మన ఇళ్లల్లో పరిచిన బండలు ఒక్కటీ మిగలకూడదు. జవాబు రాసేముందు ఆ బండను ఒక్కసారి తలచుకున్నా తప్పు దొరుకుతుంది.

సరైన లెక్క ఇది. 1,78,300ని 298తో భాగిస్తే పరిసరాలకు −598.3. దానికి 160.6 కలిపితే విశ్వం −437.7. గది ఉష్ణోగ్రత దగ్గర సున్నపురాయి విడిపోదు. అదే రాయిని 1200 కెల్విన్ దగ్గర చూడండి. పరిసరాలకు −148.6, విశ్వానికి +12. ఇప్పుడు విడిపోతుంది. వాడపల్లి, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో రాయిని అంత వేడి చేసేది ఇందుకే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రెండు సందర్భాల్లోనూ రాయి పరిసరాల నుంచి తీసుకున్న వేడి దాదాపు ఒకటే, 178.3 కిలోజౌళ్లు. కానీ చల్లటి పరిసరాల నుంచి తీస్తే వాటికి 598 నష్టం, బాగా వేడిగా ఉన్న పరిసరాల నుంచి తీస్తే 149 మాత్రమే నష్టం. వ్యవస్థకు వచ్చే లాభం 160.6 అలాగే ఉంది. ఉష్ణోగ్రత మారినప్పుడు మారింది ప్రధానంగా పరిసరాల లైనే. ఇది మనసుకు పట్టినవాళ్లు గుర్తు తప్పు రాసినా వెంటనే కనిపెడతారు.

సెల్సియస్ సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. ఇదే చర్యకు 837 డిగ్రీల సెల్సియస్ దగ్గర విశ్వం విలువ సున్నా రావాలి. T చోట 837 అనే వేస్తే −52 వస్తుంది. 1110 వేయాలి.

సమస్య: యూనిట్లు సరే, కెల్విన్ సరే, మైనస్ గుర్తు సరే, అయినా జవాబు తప్పు

అసలు ఇబ్బంది పెట్టేది ఇది. "సార్, జౌళ్లలోకి మంచిగనే మార్చిన, అయినా మైనస్సే వస్తున్నది" అని నోట్‌బుక్ పట్టుకుని వస్తారు. చూస్తే నిజంగానే అన్నీ మార్చి ఉంటాయి. ఒక్క అంకె కూడా అనుమానంగా కనిపించదు.

ఎక్కువసార్లు ఇది అమోనియా లెక్కలోనే బయటపడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే ఇళ్ల పిల్లలకు యూరియా బస్తా కొత్త కాదు, ఆ యూరియా తయారయ్యేది అమోనియా నుంచే. చర్య ఇది:

N₂ + 3H₂ → 2NH₃

ముందు వ్యవస్థ ఎంట్రోపీ. నైట్రోజన్‌కు 191.6, హైడ్రోజన్‌కు 130.7, అమోనియాకు 192.5. రెండు అమోనియాలకు 385.0. ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్లకు కలిపి 583.7. తేడా −198.7. నాలుగు మోల్‌ల వాయువు రెండు మోల్‌లు అవుతోంది కాబట్టి మైనస్ రావడం న్యాయమే. పిల్లలు ఈ భాగం బాగా చేస్తారు, ఎందుకంటే గుణకాలతో గుణించడం ఇక్కడ అలవాటైపోయింది.

తర్వాత ΔH కోసం పట్టిక చూస్తారు. NH₃ ఎదురుగా −46.1 కిలోజౌళ్లు అని ఉంటుంది. దాన్ని తెచ్చి జౌళ్లలోకి మార్చి, 298తో భాగిస్తారు. పరిసరాలకు +154.7. దానికి −198.7 కలిపితే విశ్వం −44. "గది ఉష్ణోగ్రత దగ్గర అయత్నీకృతం కాదు" అని రాసి గీత గీస్తారు.

తప్పు ఎక్కడంటే, −46.1 ఒక్క మోల్ అమోనియాకు. −198.7 రెండు మోల్‌లకు. రెండు వేర్వేరు పరిమాణాలను కూడారు. సమీకరణం మొత్తానికి ΔH −92.2 కిలోజౌళ్లు. దాంతో పరిసరాలకు +309.4, విశ్వానికి +110.7. గుర్తే తిరగబడింది, జవాబు పూర్తిగా వేరైపోయింది.

ఇంత పెద్ద తప్పు ఏళ్ల తరబడి ఎందుకు దొరకకుండా పోతుందంటే, చాలా లెక్కల్లో ఇది గుర్తును మార్చదు. 2H₂ + O₂ → 2H₂O తీసుకోండి, నీరు ద్రవంగా వస్తుందనుకోండి. వ్యవస్థ −326.7. ΔH కోసం పట్టికలోని −285.8నే వేస్తే విశ్వం +632 వస్తుంది. సరిగ్గా రెట్టింపు చేసి −571.6 వేస్తే +1591 వస్తుంది. రెండూ ప్లస్సే. "అయత్నీకృతం" అనే జవాబు సరిపోయింది కాబట్టి టిక్కు పడిపోతుంది, పద్ధతి సరైనదే అన్న నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకంతోనే అమోనియా లెక్కకు వచ్చి బోల్తా పడతారు. అందుకే నీటి లెక్కలో గుర్తు సరిపోయినా అంకె సరిపోకపోతే నేను మార్కు వేయను.

పరిష్కారం: విలువ రాసిన ప్రతిసారీ పక్కన "దేనికి" అని రాయండి. "−46.1 కిలోజౌళ్లు, 1 మోల్ NH₃కు." "కెల్విన్‌కు −198.7 జౌళ్లు, 2 మోల్‌ల NH₃కు." ఇలా ఒకదాని కింద ఒకటి రాస్తే తేడా మీ కంటికే కనబడుతుంది. తర్వాత రెండింటినీ ఒకే సమీకరణానికి తేవాలి. రెండు మోల్‌లకు చేస్తే −92.2, −198.7. ఒక్క మోల్‌కు చేయాలనుకుంటే −46.1, −99.35. మొదటిదాంట్లో విశ్వం +110.7, రెండోదాంట్లో దాదాపు +55. గుర్తు ఒకటే, విలువ సగం. రెండూ సరైనవే, ఏ సమీకరణానికో చెప్పాలి అంతే. ప్రశ్నలో 10 గ్రాముల పదార్థానికి వేడి ఎంతో ఇచ్చినప్పుడు కూడా ఇదే పని. ముందు దాన్ని సమీకరణంలోని మోల్‌లకు మార్చండి, తర్వాతే T జోలికి వెళ్లండి.

దీన్ని సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది, జవాబు రాశాక దీన్ని వదలకండి. ΔHను ΔS(వ్యవస్థ)తో భాగిస్తే విశ్వం విలువ సున్నా అయ్యే ఉష్ణోగ్రత వస్తుంది. అమోనియాకు 92,200ని 198.7తో భాగిస్తే 464 కెల్విన్, అంటే దాదాపు 191 డిగ్రీల సెల్సియస్. సమీకరణాన్ని రెట్టింపు చేయండి, సగం చేయండి, ఈ ఉష్ణోగ్రత మారకూడదు. పైనా కిందా ఒకే లెక్కన మారతాయి కాబట్టి. తప్పు ΔHతో చేస్తే 232 కెల్విన్ వస్తుంది, అంటే −41 డిగ్రీలు. మంచు గడ్డకట్టే చలికంటే కింద మాత్రమే అమోనియా ఏర్పడుతుందని అర్థం. అక్కడే అనుమానం రావాలి. కిలోజౌల్ తప్పునూ ఇదే పట్టిస్తుంది. సున్నపురాయికి 178.3ని 160.6తో భాగిస్తే 1.1 కెల్విన్ వస్తుంది, ఏ భట్టీకీ పొంతన లేని అంకె.

దీనికో హద్దు ఉంది. ΔH, ΔS(వ్యవస్థ) రెండింటికీ ఒకే గుర్తు ఉన్నప్పుడే ఆ ఉష్ణోగ్రతకు అర్థం. హైడ్రోజన్ పెరాక్సైడ్ విడిపోవడం లాంటి చోట ΔH మైనస్, ΔS ప్లస్. భాగిస్తే మైనస్ కెల్విన్ వస్తుంది. అది తప్పు కాదు, ఆ చర్య ఏ ఉష్ణోగ్రత దగ్గరా గుర్తు మార్చదని అర్థం. అలాంటివాటిలో "దేనికి" అన్న రాత ఒక్కటే మీకు దిక్కు.

అరుదుగా తగిలేవి

నీరు ద్రవమా ఆవిరా చూడండి. ద్రవానికి −285.8, ఆవిరికి −241.8. ఎంట్రోపీ ఆవిరిది తీసుకుని ఎంథాల్పీ ద్రవానిది తీసుకుంటే లెక్క నిలబడదు.

బ్యాటరీలో లాగా చర్య విద్యుత్తు పని చేస్తుంటే పరిసరాలకు అందే వేడి ΔHతో సమానం కాదు. అప్పుడు −ΔH/T వాడొద్దు. మామూలు ప్రశ్నల్లో ఇది రాదు.

298 కెల్విన్ విలువలను ఎక్కువ ఉష్ణోగ్రతలకు వాడితే కొద్దిగా తేడా ఉంటుంది. గుర్తు తేల్చడానికి పర్వాలేదు, సున్నాకు బాగా దగ్గరగా వస్తేనే ఆలోచించాలి.

"700 కెల్విన్ దగ్గర అమోనియాకు −67 వస్తోంది, మరి ఫ్యాక్టరీలో అంత వేడిలోనే ఎట్ల తయారు చేస్తున్నరు సార్?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. మీ లెక్క ప్రతి వాయువూ 1 బార్ పీడనం దగ్గర ఉన్నప్పటిది. అక్కడ వంద బార్‌లకు పైగా ఒత్తిడి పెడతారు, తయారైన అమోనియాను ఎప్పటికప్పుడు తీసేస్తారు. మీ అంకె మార్చాల్సిన పని లేదు.

ఇక 298 దగ్గర +110.7 వచ్చింది కదా అని నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి సీసాలో పెడితే ఏమీ కనబడదు. నైట్రోజన్ బంధం విడగొట్టడం కష్టం కాబట్టి చర్య చాలా నెమ్మది. ఫ్యాక్టరీల్లో ఇనుము ఉత్ప్రేరకం వాడేదీ, అంత వేడి పెట్టేదీ ఆ వేగం కోసమే. ఈ ప్రశ్నకు జవాబు రేటు చాప్టర్‌లో ఉంది, ఎంట్రోపీ లెక్కలో వెతకొద్దు.