కొరియర్ ఛార్జీల లెక్క, 6వ పాఠం: బరువు ఒక వైపు, జోన్ ఒక వైపు

ఈ పాఠంలో నేరుగా రెండు వైపుల పట్టికలోకి వెళ్లాలని అనుకున్నాను. కానీ పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు పంపిన షీట్ చూశాక ముందు పోయిన పాఠాన్ని సరిచేయాలి. ఆవిడ ఆవకాయ పార్సిళ్లు పంపుతారు. సీసా, బబుల్ కవర్, అట్టపెట్టె అన్నీ కలిపి కాటా మీద సరిగ్గా 500 గ్రాములు వచ్చేలా కడతారు. కొరియర్ వాళ్లు అరకేజీ రేటే తీసుకుంటున్నారు. నేను నేర్పిన ఫార్ములా మాత్రం కేజీ రేటు చూపిస్తోంది. తప్పు ఆవిడది కాదు, పట్టిక నేను వేయించిన తీరుది.

పోయినసారి బరువుల కాలమ్‌లో 0, 500, 1000, 2000 అని వేసి, MATCH చివర 1 పెట్టమన్నాను. ఆ 1 ఉంటే MATCH మనం ఇచ్చిన బరువుకు సమానమైన అంకెను, లేదంటే దానికంటే చిన్నవాటిలో పెద్దదాన్ని పట్టుకుంటుంది. 499 ఇస్తే 0 వరుసలో ఆగుతుంది, బాగానే ఉంది. 500 ఇస్తే 500 వరుసకు వెళ్లిపోతుంది. ఆ వరుసలో ఉన్నది కేజీ రేటు. కొరియర్ కార్డు మీద రాసేది '500 గ్రాముల వరకు' అని. అంటే 500 కూడా ఆ రేటులోదే.

సరిగ్గా గీత మీద పడే పార్సిల్ ఎక్కడో ఒకటి వస్తుందిలే అనుకోవద్దు. రేటు మారే చోటు తెలిసిన వాళ్లందరూ ఆ గీత దాటకుండా చూసి కడతారు. కాబట్టి గీత మీద పడే పార్సిళ్లే ఎక్కువ.

దీనికి చాలామంది ఒక చిట్కా వాడుతున్నారు: 0, 501, 1001, 2001 అని వేయడం. ఇది నాకు అస్సలు నచ్చదు, ఎందుకో వివరంగా చెబుతాను. గ్రాములు పూర్ణాంకాల్లోనే ఉన్నంతవరకు ఆ చిట్కా పనిచేస్తుంది. ఇప్పుడు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తీసుకోండి. లోపల సరుకు తేలిక, పెట్టె పెద్దది. అలాంటి వాటికి కొరియర్ వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి కేజీలు తీస్తారు. కాటా బరువు, ఈ కొలత బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. (5000 బాగా వాడుకలో ఉన్న అంకె. మీ రేటు కార్డులో వేరే అంకె ఉంటే అదే వాడండి.)

పెట్టె 27.5 × 13 × 7 సెం.మీ. అనుకోండి. గుణిస్తే 2502.5. గ్రాముల్లో కావాలి కాబట్టి 5తో భాగిస్తే 500.5. కాటా మీద 430 గ్రాములే ఉన్నా లెక్కకు వచ్చేది 500.5. '501' పట్టికలో ఇది అరకేజీ రేటులోనే ఉండిపోతుంది, ఎందుకంటే 501కి అర గ్రాము తక్కువ. కొరియర్ బిల్లులో మాత్రం 500 దాటింది, కేజీ రేటు పడుతుంది. మీరు కొనుగోలుదారు దగ్గర తక్కువ తీసుకుని, మిగతాది చేతి నుంచి కడతారు. ఎక్కడా ఎర్రర్ రాదు కాబట్టి నెలాఖరు బిల్లు వచ్చేదాకా తెలియదు.

అందుకే కార్డు మీద ఏ అంకె ఉందో అదే పట్టికలో వేయండి. 'వరకు' అంటే పై హద్దు, కాలమ్‌లో ఉండాల్సింది కూడా పై హద్దే. Rates అనే షీట్‌లో A1 ఖాళీగా వదిలి ఇలా వేయండి. ఈ రేట్లు నేర్చుకోవడానికి నేను వేసుకున్నవి.

```
        స్థానికం   రాష్ట్రం   దక్షిణం   దూరం
 500       40       55       70      90
1000       60       80      105     140
2000       95      130      175     240
3000      130      180      245     340
5000      195      275      375     520
```

ఆర్డర్ల షీట్‌లో B2 లో బరువు, C2 లో జోన్. పిన్‌కోడ్ నుంచి జోన్ తేవడం 4వ పాఠంలో అయిపోయింది. ఫార్ములా ఇది:

```
=INDEX(Rates!$B$2:$E$6,
  COUNTIF(Rates!$A$2:$A$6,"<"&B2)+1,
  MATCH(C2,Rates!$B$1:$E$1,0))
```

INDEX కు రేట్ల దిమ్మె మొత్తం ఇచ్చి, ఎన్నో వరుస, ఎన్నో కాలమ్ అని చెబుతున్నాం. వరుస కోసం MATCH బదులు COUNTIF వాడాను. అది 'ఈ బరువు కంటే చిన్న హద్దులు ఎన్ని' అని లెక్కపెడుతుంది. 500 కంటే చిన్న హద్దు ఒక్కటీ లేదు, 0 + 1, మొదటి వరుస. 500.5 కంటే చిన్నది ఒకటుంది, 1 + 1, రెండో వరుస. విశాఖకు వెళ్లే ఆ పూతరేకుల పెట్టెకు జోన్ 'రాష్ట్రం', రెండో కాలమ్. అంటే 80 రూపాయలు. '501' పట్టిక 55 చూపించేది. హద్దులు పై నుంచి కిందకు పెరుగుతూ ఉండాలి, అదొక్కటే షరతు.

కొత్త ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో ఇదే పనికి XMATCH ఉంది. మూడో చోట 1 పెడితే సమానమైనది, లేదంటే తర్వాతి పెద్దది తెస్తుంది. నేను COUNTIF కే అలవాటు పడ్డాను, కొట్లో ఉన్న పాత ఎక్సెల్‌లో కూడా నడుస్తుంది కాబట్టి.

జోన్ దగ్గర MATCH చివరి 0 మాత్రం వదలకండి. వదిలేస్తే అది 1 అనుకుంటుంది, జోన్ పేర్లు అక్షర క్రమంలో లేవు కాబట్టి పక్క కాలమ్ రేటు తెచ్చిపెట్టవచ్చు. 0 ఉంటే పేరు కలవనప్పుడు #N/A వస్తుంది. పేరు చివర ఖాళీ ఉండిపోయినా అంతే, C2 బదులు TRIM(C2) రాస్తే సరిపోతుంది. 5000 దాటిన బరువుకు ఎక్సెల్‌లో #REF! వస్తుంది, ఎందుకంటే ఆరో వరుస లేదు. తప్పు రేటు రావడం కంటే అది చాలా నయం.

ఈ ఫార్ములాలో కూడా చప్పుడు లేకుండా మోసం చేసే చోటు ఒకటుంది. ఎవరైనా బరువు గడిలో '2200 గ్రా' అని టైప్ చేస్తే అది అంకె కాదు, అక్షరాలు. COUNTIF కు దానికంటే చిన్న అంకె ఒక్కటీ దొరకదు, 0 + 1, అరకేజీ రేటు వచ్చేస్తుంది. గడి ఖాళీగా ఉన్నా అంతే. అందుకే ముందు కాపలా పెట్టండి:

```
=IF(N(B2)>0, INDEX(Rates!$B$2:$E$6,
  COUNTIF(Rates!$A$2:$A$6,"<"&B2)+1,
  MATCH(TRIM(C2),Rates!$B$1:$E$1,0)), "బరువు?")
```

N అక్షరాలను 0 గా తీసుకుంటుంది కాబట్టి అలాంటి వరుసలో రేటు బదులు 'బరువు?' అని కనిపిస్తుంది.

అభ్యాసం. ఐదు పార్సిళ్లు: 500 గ్రాములు స్థానికం; 1001 గ్రాములు దూరం; 3000 గ్రాములు దక్షిణం; కాటా మీద 900 గ్రాములు ఉన్న 30 × 24 × 15 సెం.మీ. పెట్టె రాష్ట్రం, 6200 గ్రాములు దూరం. చివరిదానికి 5 కేజీలు దాటాక ప్రతి కేజీకీ, కేజీలో భాగానికీ 85 రూపాయలు అదనం, ఆ ముక్క ఫార్ములాకు మీరే కలపాలి, ROUNDUP వాడండి. కొలత బరువుకు వేరే కాలమ్ పెట్టి, MAX తో పెద్దది B లోకి తెచ్చుకోండి. ఐదూ కలిపి 1395 రావాలి. అది రాకపోతే విడివిడిగా సరిచూడండి: మొదటి నాలుగూ 705, ఐదోది 690.