కాల్పోస్కోపీ నేర్చుకుందాం – 5వ భాగం: పై అంచు కనపడ్డాకే లూప్ పట్టుకోవాలి

పోయిన భాగంలో ఎసిటిక్ యాసిడ్ ఎలా పెట్టాలో, నిమిషం ఆగకుండా చూస్తే ఏం మిస్సవుతామో చెప్పుకున్నాం. ఈసారి ఒకే ఒక్క కేసు తీసుకుని మొదటి చూపు నుంచి ఫాలోఅప్ దాకా వెళ్దాం. లీప్, అంటే కరెంటు లూప్‌తో సర్విక్స్ మీది మచ్చని కోసి తీయడం అనగానే చాలామంది పీజీలు లూప్ తిప్పడమే అనుకుంటారు గానీ అసలు పని అంతకుముందే సగం అయిపోతుంది, మచ్చ పై అంచు కెనాల్‌లో ఎక్కడ ఆగిందో చూడ్డంలోనే ఉంది అంతా.

కేసు ఇది. 36 ఏళ్ల ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఇక పిల్లలు వద్దనుకున్నారు, స్క్రీనింగ్‌లో హెచ్‌పీవీ 16 పాజిటివ్ వచ్చింది. పీరియడ్ అయిపోయి 5 రోజులు, యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ నెగెటివ్, ఇన్ఫెక్షన్ లేదు. 5 శాతం ఎసిటిక్ యాసిడ్ పెట్టి నిమిషం ఆగి చూస్తే ముందు పెదవి మీద 10 గంటల నుంచి 2 గంటల దాకా తెల్లమచ్చ, దట్టంగా సున్నం వేసినట్టు ఉంది, 3 నిమిషాలైనా తగ్గలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మామూలు ఇమ్మెచ్యూర్ మెటాప్లేసియా కూడా తెల్లబడుతుంది కానీ అది పల్చగా, లోపల గులాబీ రంగు కనపడేలా ఉంటుంది, కాసేపటికే మాసిపోతుంది.

ఇప్పుడు స్వీడ్ స్కోర్ వేద్దాం. అయిదు అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 2. తెలుపు దట్టంగా ఉంది కాబట్టి 2. అంచు గీత గీసినట్టు స్పష్టంగా, కొంచెం ఎత్తుగా ఉంది, గ్రంథుల నోళ్ల చుట్టూ తెల్లటి రింగులున్నాయి, అదీ 2. రక్తనాళాలేమీ కనపడలేదు, ఇక్కడే కొత్తవాళ్లు పొరపడతారు, ఏమీ లేదు కాబట్టి 0 వేసేస్తారు, కానీ సన్నగా సమంగా ఉన్న నాళాలకే 0, అసలు కనపడకపోతే 1. సైజు 12 మిల్లీమీటర్లు, రెండు క్వాడ్రెంట్లు, 1. అయోడిన్ పెడితే ఆవపొడి లాంటి పసుపు తేలింది, 2. మొత్తం 8. ఎనిమిది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే హై గ్రేడ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ, దూరం నుంచి వచ్చి మళ్లీ రాలేని మనిషైతే ఆ రోజే తీసేయొచ్చు. ఈవిడ రాగలనన్నారు కాబట్టి స్క్వామోకాలమ్నార్ జంక్షన్‌కి ఆనుకుని ఎక్కువ దట్టంగా ఉన్న చోట బయాప్సీ తీశాం, సీఐఎన్ 3, అంటే క్యాన్సర్‌కి ముందు దశ మార్పు వచ్చింది. ముట్టుకుంటే రక్తం కారే నాళాలు, కామా ఆకారంలో వంకర తిరిగిన నాళాలు, గుంట పడిన పుండు, వీటిలో ఏది కనపడినా లీప్ ఆలోచన పక్కన పెట్టి బయాప్సీ తీసి క్యాన్సర్ సెంటర్‌కి పంపాలి, దానిలో రాజీ లేదు.

మరి పై అంచు? మామూలు స్పెక్యులమ్‌తో చూస్తే మచ్చ కెనాల్ లోపలికి పోతోంది, ఎక్కడ ఆగుతుందో తెలీలేదు. ఎండోసర్వైకల్ స్పెక్యులమ్‌తో సర్విక్స్ నోరు మెల్లగా తెరిచి, మళ్లీ ఎసిటిక్ యాసిడ్ దూది అద్ది చూస్తే 5 మిల్లీమీటర్ల లోపల మచ్చ ఆగిపోయి పైన జంక్షన్ గీత మొత్తం చుట్టూ కనపడింది. అంటే టైప్ 2 ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్. అంతా బయటే ఉంటే టైప్ 1, లోపలికి వెళ్లి కనపడకపోతే టైప్ 3. ఈ ఒక్క ముక్కతో చికిత్స తేలిపోతుంది. టైప్ 1 అయి మచ్చ మొత్తం బయటే ఉండి క్యాన్సర్ అనుమానం లేకపోతే థర్మల్ అబ్లేషన్ సరిపోయేది. లోపలికి వెళ్లిన మచ్చని కాలిస్తే కాలింది ఎంతో కాలనిది ఎంతో ఎవరికీ తెలీదు, పైగా పాథాలజీకి పంపడానికి ముక్క కూడా మిగలదు. లోతు లెక్క కూడా ఇక్కడి నుంచే, టైప్ 1కి 7 నుంచి 10 మిల్లీమీటర్లు, టైప్ 2కి 10 నుంచి 15, టైప్ 3కి 15 నుంచి 25. ఊరికే ఎక్కువ లోతు తీయకూడదు, 10 మిల్లీమీటర్లు దాటేకొద్దీ తర్వాతి కాన్పు నెలలు నిండకుండా అయ్యే రిస్క్ పెరుగుతుంది. ఈవిడకి ఆ బెంగ లేదు కాబట్టి 20 మిల్లీమీటర్ల వెడల్పు, 12 లోతున్న లూప్ తీసుకున్నాం.

సెటప్ దగ్గర తొందరపడొద్దు. ప్లాస్టిక్ పూత ఉన్న స్పెక్యులమ్ వాడాలి, మామూలు మెటల్‌ది వాడితే లూప్ తగిలినచోట యోని గోడ కాలుతుంది. పొగ లాగే పైపు ఆన్‌లో ఉండాలి. తొడకి అంటించే రిటర్న్ ప్లేట్ మొత్తం చర్మానికి అతుక్కుందో లేదో చేత్తో తడిమి చూడండి, సగమే అంటుకుంటే అక్కడే కాలే ప్రమాదం. తర్వాత అయోడిన్ పెట్టి పసుపు మచ్చ హద్దు కళ్లకి కట్టేలా చేసుకుని, అడ్రినలిన్ కలిపిన 1 శాతం జైలోకేన్ 5 ఎంఎల్ లోపు, సన్నటి పొడుగు సూదితో 3, 6, 9, 12 గంటల దగ్గర, మచ్చ అంచు బయట ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులోనే ఇవ్వాలి. అక్కడ తెల్లగా ఉబ్బితే సరిగ్గా పడినట్టు. ఇచ్చిన కాసేపటికి గుండె దడదడలాడుతుంది, కాళ్లు వణుకుతాయి, అది మందు వల్లే అని ముందే చెప్పండి, లేకపోతే ఆవిడ భయపడి కదులుతారు.

కోత అసలు పది సెకన్ల పని. కట్ లేదా బ్లెండ్ మోడ్‌లో మెషీన్‌ని బట్టి 35 నుంచి 50 వాట్లు. లూప్ టిష్యూని తాకకముందే కరెంటు ఆన్ అవ్వాలి, అద్ది పెట్టి ఆన్ చేస్తే అక్కడే మాడుతుంది. మచ్చ అంచుకి 3 నుంచి 5 మిల్లీమీటర్లు బయట ఒక పక్కన నిలువుగా దింపి, కావలసిన లోతు వచ్చాక అదే లోతులో అవతలి పక్కకి లాగి పైకి తేవాలి. లూప్ తనంతట తాను కోసుకుంటూ పోతుంటే మీ చెయ్యి దాని వెనక వెళ్లాలంతే, నెట్టకూడదు. నెడితే తీగ వంగి ముక్క పల్చగా వస్తుంది, మరీ నిదానిస్తే అంచు బొగ్గులా మాడి పాథాలజిస్ట్ మార్జిన్ చదవలేరు. మధ్యలో ఆగిపోతే అక్కడే పదేపదే లాగకండి, కరెంటు ఆపి లూప్ బయటికి తీసి అవతలి వైపు నుంచి మొదలుపెట్టి ఆగిన చోటుకి వచ్చి కలపండి.

దీన్ని నేర్చుకోడానికి నేను ప్రతి పీజీకీ చెప్పేది చికెన్ బ్రెస్ట్ ముక్క. రిటర్న్ ప్లేట్ మీద పెట్టి, కాస్త సెలైన్‌తో తడిపి, మార్కర్‌తో మచ్చ గీసుకుని కొయ్యండి. ఇరవై ముప్పై ముక్కలు కోశాక చేతికి ఆ వేగం తెలుస్తుంది, స్కేల్ పెట్టి లోతు కొలుచుకోండి, మొదట్లో 12 అనుకున్నవాళ్లకి 7 వస్తుంది.

ముక్క ఒకటిగా వచ్చింది. 12 గంటల దగ్గర దారం కుట్టి ఫార్మలిన్‌లో వేశాం, దారం లేకపోతే ముక్కలో ఏ వైపు ఏ గంటదో వాళ్లకి తెలీదు. గుంటలో రక్తం కారేచోట బాల్ ఎలక్ట్రోడ్‌తో కోయాగ్ పెట్టి, అడుగున మాన్సెల్స్ పేస్ట్ పూశాం. ఇంటికి పంపేటప్పుడు నల్లటి కాఫీ పొడి లాంటి డిశ్చార్జ్ వస్తుంది, అది మామూలే, 4 వారాలు కలయిక వద్దు, లోపల ఏమీ పెట్టుకోవద్దు, ప్యాడ్ గంటకొకటి తడిసినా జ్వరం వచ్చినా వెంటనే రమ్మని రాసి ఇచ్చాం. ఆలస్యంగా వచ్చే బ్లీడింగ్ ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, వచ్చినప్పుడు శుభ్రం చేసి పేస్ట్ లేదా బాల్‌తోనే ఆగిపోతుంది చాలాసార్లు.

మూడు వారాలకి రిపోర్ట్ వచ్చింది: సీఐఎన్ 3, క్యాన్సర్ లేదు, బయటి అంచు క్లియర్, ఎండోసర్వైకల్ అంచు పాజిటివ్. అత్తగారు కూడా వచ్చారు. "అయితే ఇంకా లోపల ఉందన్నమాటే కదమ్మా, మొత్తం గర్భసంచి తీసేస్తే పీడా పోతుంది కదా" అన్నారు. ఈ ప్రశ్న మన దగ్గర ప్రతి రెండో ఇంట్లో వస్తుంది, ఎందుకంటే ఏపీ, తెలంగాణల్లో గర్భసంచి తీయించుకోవడం దేశంలోనే ఎక్కువ, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో కూడా అదే తేలింది. నేను చెప్పింది ఇది: "పెద్దమ్మా, అంచులో కనపడిందంటే లోపల మిగిలిందని గ్యారంటీ కాదు, కోసిన తర్వాత కాల్చాం కదా, మానేటప్పుడు మిగిలిన కాసిన్ని కణాలూ చాలామందిలో పోతాయి. ఆరు నెలలకి టెస్ట్ చేద్దాం, అది చెప్తుంది."

ఊరడింపు కోసం అన్న మాట కాదది. 2017లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చిన మెటా అనాలిసిస్‌లో మార్జిన్ పాజిటివ్ అయినవాళ్లలో దాదాపు 17 శాతం మందికే తర్వాత సీఐఎన్ 2 లేదా అంతకన్నా ఎక్కువ కనపడింది, మార్జిన్ క్లియర్ ఉన్నవాళ్లలో 4 శాతం దాకా. అదే చికిత్స తర్వాత హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే సుమారు 28 శాతం, నెగెటివ్ అయితే 1 శాతం కూడా లేదు. అందుకే కాగితం మీద మార్జిన్ అనే మాట చూసి భయపడి మళ్లీ కోతకి తొందరపడేకన్నా ఆరో నెల హెచ్‌పీవీ టెస్ట్ విలువైనది. రెండో నెలకే చేయించొద్దు, వైరస్ తగ్గడానికి టైమ్ పడుతుంది, అప్పుడు పాజిటివ్ వచ్చినా అర్థం చెప్పలేం. క్యాన్సర్ గానీ గ్రంథి కణాల మార్పు గానీ మార్జిన్‌లో ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు, అక్కడ ఆగడం తప్పు.

ఆరో నెల ఆవిడ వచ్చారు. మార్జిన్ పాజిటివ్ కాబట్టి హెచ్‌పీవీతో పాటు కాల్పోస్కోపీ, ఎండోసర్వైకల్ క్యూరెటేజ్ కూడా చేశాం. నోరు కొంచెం బిగుసుకుంది కానీ చిన్న డైలేటర్‌తో తెరుచుకుంది, మూడూ నెగెటివ్. ఇక ఏడాదికొకసారి హెచ్‌పీవీ, వరసగా మూడు నెగెటివ్‌లు వచ్చాక మూడేళ్లకొకసారి, కనీసం 25 ఏళ్లు. ఇది అమెరికా వాళ్ల పద్ధతి, డబ్ల్యూహెచ్‌ఓ అయితే చికిత్స తర్వాత 12 నెలలకి ఒకటి చేసి, అది నెగెటివ్ అయితే మామూలు స్క్రీనింగ్‌లోకి పంపమంటుంది, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకైతే ఇంకో 12 నెలలకి మరొకటి చేశాకే, కిట్లు తక్కువ ఉన్నచోట అదే నడుస్తుంది. రిజిస్టర్‌లో ఆవిడ ఫోన్ నంబర్‌తో పాటు ఇంకొకరి నంబర్ కూడా రాయించుకోండి, సిమ్ మారితే 25 ఏళ్ల ఫాలోఅప్ అక్కడే తెగిపోతుంది.

అత్తగారి ప్రశ్నకి ఇంకో సగం జవాబుంది. సీఐఎన్ 3 తర్వాత గర్భసంచి తీసేసినా యోని పై చివర అదే వైరస్‌తో అదే మార్పు రావచ్చు, అందుకని వాళ్లని కూడా ఇలాగే ఏళ్ల తరబడి చూడాల్సిందే. ఆపరేషన్ చేసిన చోట ఈ మాట చెప్పకపోవడంతో పదేళ్ల తర్వాత బ్లీడింగ్‌తో వచ్చినవాళ్లని నేను చూశాను. వాల్ట్‌ని ఎలా చూడాలో, అక్కడ అయోడిన్ ఎందుకు ఎక్కువ పనికొస్తుందో 6వ భాగంలో.