ఫలితాల నెలకు ముందు స్టాప్ లాస్ సరిచూసుకోండి

జులై రెండో వారంలో మొదటి త్రైమాసిక ఫలితాలు మొదలవుతాయి. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోగా కంపెనీలు లెక్కలు చెప్పాలి కాబట్టి ఆగస్టు సగం దాకా రోజూ ఏదో ఒక షేరు ఉలిక్కిపడుతూనే ఉంటుంది. కొన్నాళ్లపాటు షేర్లు చేతిలో ఉంచుకుని అమ్మేవారు ఆలోగా, ధర ఇంతకు పడితే అమ్మేయాలని ముందే పెట్టుకున్న తమ స్టాప్ లాస్‌లను ఒకసారి చూసుకోవాలి. అన్ని షేర్లకూ ఒకే కొలతగా ‘కొన్న ధరకు 3 శాతం కింద’ అని పెట్టుకున్నవారైతే తప్పనిసరిగా చూసుకోవాలి.

రెండు షేర్లు ఉన్నాయనుకుందాం. రెండింటి ధరా 500 రూపాయలే. మొదటిది సబ్బులు అమ్మే నిదానపు కంపెనీ, రోజుకు సగటున 6 రూపాయల మేర కదులుతుంది. రెండోది చిన్న లోహాల కంపెనీ, రోజుకు 20 రూపాయలు ఊగుతుంది. 3 శాతం లెక్కన రెండింటికీ స్టాప్ 485 దగ్గరే పడుతుంది. సబ్బుల షేరు అక్కడికి రావాలంటే నిజంగానే ఏదో జరిగి ఉండాలి. లోహాల షేరు మాత్రం మామూలు మధ్యాహ్నం కూడా 485ను తాకి, మర్నాడు 510కి తిరిగి వస్తుంది. అప్పటికి మన చేతిలో షేరు ఉండదు. నేను ఈ దెబ్బ చాలాసార్లు తిన్నాక గానీ ఏటీఆర్ వైపు చూడలేదు.

ఏటీఆర్ అంటే షేరు రోజుకు సగటున ఎంత కదులుతుందో రూపాయల్లో చెప్పే కొలత. వెల్స్ వైల్డర్ దీన్ని 1978లో ప్రకటించాడు. ఆ రోజు గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య దూరం, నిన్నటి ముగింపు నుంచి నేటి గరిష్ఠానికి ఉన్న దూరం, నిన్నటి ముగింపు నుంచి నేటి కనిష్ఠానికి ఉన్న దూరం, ఈ మూడింటిలో పెద్దది ఆ రోజు లెక్క. దాన్ని సాధారణంగా 14 రోజులకు సగటు కడతారు. నిన్నటి ముగింపును కలుపుకోవడం వల్ల ఉదయం గ్యాప్‌తో తెరుచుకున్న కదలిక కూడా లెక్కలోకి వస్తుంది. రోజువారీ చార్టులోనే, ముగిసిన రోజు అంకెనే తీసుకోండి.

రెండు ఏటీఆర్‌ల దూరం పెడితే సబ్బుల షేరుకు స్టాప్ 488, లోహాల షేరుకు 460. రెండే ఎందుకంటే శాస్త్రమేమీ లేదు, ఒకటిన్నర నుంచి మూడు దాకా వాడేవారున్నారు. అసలు జాగ్రత్త సంఖ్య విషయంలో ఉంది. స్టాప్ దూరం జరిగినప్పుడు షేర్ల సంఖ్య తగ్గకపోతే నష్టం పెరుగుతుంది. ఒక్కో కొనుగోలులో 2,000 రూపాయలకు మించి పోగొట్టుకోకూడదనుకుంటే సబ్బుల షేర్లు 2,000/12, అంటే 166 కొనవచ్చు. లోహాల షేర్లు 2,000/40, అంటే 50 మాత్రమే.

ఫలితాల సమయంలో ఈ పద్ధతికి ఒక గుంట ఉంది. ఫలితాలకు ముందు చాలా షేర్లు ఎటూ కదలకుండా కూర్చుంటాయి. దాంతో ఏటీఆర్ తగ్గుతుంది, స్టాప్ దగ్గరికి వస్తుంది, లెక్క ప్రకారం ఎక్కువ షేర్లు కొనవచ్చని తేలుతుంది. ప్రమాదం దగ్గరపడేకొద్దీ ధైర్యం చెప్పే కొలత అన్నమాట. అందుకే బోర్డు సమావేశం తేదీ ఎక్స్ఛేంజీలో కనిపించగానే పాత చార్టు తెరిచి, గత నాలుగు ఫలితాల మర్నాడు షేరు ఎంత కదిలిందో చూడండి. సబ్బుల షేరుకు ఆ అంకెలు 18, 30, 22, 41 అనుకుందాం. సంఖ్యను ఇప్పుడు 12తో కాక 41తో లెక్కించాలి. 2,000/41 అంటే 48. చేతిలో 166 ఉంటే మిగిలిన 118 ఫలితాలకు ముందే అమ్మేయండి.

సాయంత్రం ఫలితాలు నిరాశపరిచి మర్నాడు షేరు 462 దగ్గర తెరుచుకుందనుకోండి. 488 తాకగానే మేలుకునే ట్రిగ్గర్, 486కు తగ్గితే అమ్మవద్దనే లిమిట్‌తో పెట్టిన ఆర్డరు ట్రిగ్గర్ అవుతుంది గానీ, 486కు కొనేవాడు లేక అలాగే వేలాడుతుంది. అప్పుడు 462కే అమ్ముకున్నా 166 షేర్ల మీద 6,308 రూపాయలు పోతాయి, 48 మీదైతే 1,824. గ్యాప్‌ను ఏ స్టాప్ లాసూ ఆపదు, సంఖ్య ఒక్కటే దెబ్బను తగ్గిస్తుంది.

ఫలితాల తర్వాత ఏటీఆర్ ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఆ రోజు కదలిక 44 అయితే, వైల్డర్ లెక్కలో (6×13+44)/14, అంటే 8.7 అవుతుంది. ఆ వంకతో ఇంకా చేతిలో ఉన్న షేరు స్టాప్‌ను కిందికి జరపవద్దు. కొత్త అంకె కొత్త కొనుగోలుకే. ధర పెరిగితే పాతదాన్ని పైకి మాత్రమే జరపాలి.

ఏటీఆర్ కారణం లేకుండా పెద్దదిగా కనిపిస్తే, బోనస్ లేదా విభజన వచ్చిన రోజుకు చార్టును సవరించారో లేదో చూడండి. సవరించని చార్టులో ధర ఒక్క రోజులో సగమైనట్టు ఉంటుంది, ఆ ఒక్క రోజే సగటును వారాల తరబడి పాడుచేస్తుంది. ఇక మామూలు స్టాప్ లాస్ ఆర్డరు ఆ రోజు సాయంత్రంతో రద్దవుతుంది. మర్నాటికి మళ్లీ పెట్టాలి, లేదా రోజులు మారినా ఆర్డరును నిలిపి ఉంచేలా మీ బ్రోకరు ఇచ్చే జీటీటీ వాడుకోవాలి.