నాలుక కింద బిళ్ల – మూడో పాఠం: గాజు సీసా, దాని మీది లేబుల్

నడుస్తున్నప్పుడు ఛాతీ ఎందుకు పట్టేస్తుందో, నాలుక కింద పెట్టుకున్న గ్లిసరిల్ ట్రైనైట్రేట్ బిళ్ల రక్తనాళాలను వదులు చేసి గుండె బరువు ఎలా దించుతుందో పోయిన పాఠంలో చూశాం. ఈసారి అసలు బిళ్లకన్నా అది ఉండే సీసా గురించే ఎక్కువ మాట్లాడతాను. నేను ఇంగ్లండ్‌లో ఒక మందుల షాపులో కౌంటర్ వెనక పనిచేస్తాను, పిల్లల దగ్గరికొచ్చి ఉంటున్న మన పెద్దవాళ్లు తెచ్చి చూపించే సీసాల్లో సగం సమస్యలు ఇక్కడే కనిపిస్తాయి.

ఒకావిడ కథ చెప్తాను. డెబ్బై దాటిన అమ్మ, తెనాలి వైపు మనిషి, కొడుకు దగ్గర ఉంటోంది. చేతిలో ఆదివారం నుంచి శనివారం దాకా గళ్లున్న ప్లాస్టిక్ డబ్బా. బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల, కొలెస్ట్రాల్ బిళ్ల పక్కన ప్రతి గడిలోనూ ఒక చిన్న తెల్ల బిళ్ల. "ఇది కూడా గుండెదే కదా బాబూ, అన్నీ ఒకచోట ఉంటే మర్చిపోనని పెట్టుకున్నా" అంది. ఆ తెల్ల బిళ్లల్లో మిగిలినవి ఉన్న గాజు సీసా తీసి చూపించింది. మూత తిప్పితే లోపల దూది. గుడికి వెళ్తే సంచీలో గలగలమంటోందని, ఇంకో మందు డబ్బాలోంచి దూది తీసి ఇందులో కుక్కిందట. ఆ మధ్య మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసి, డబ్బాలోని బిళ్ల నాలుక కింద పెట్టుకుందిగానీ ఏమీ తెలియలేదట, కూర్చుంటే మెల్లగా తగ్గిందట. "మొదట్లో అయితే వేసుకోగానే తల దిమ్మెక్కేది, ఇప్పుడు అదీ లేదు, అలవాటైపోయింది కాబోలు" అంది. ఆ మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. అలవాటు కావడం కూడా అసాధ్యం కాదుగానీ, ఆ డబ్బా చూశాక బిళ్లలో మందు ఎంత మిగిలిందన్నదే నా మొదటి అనుమానం.

ఎందుకంటే గ్లిసరిల్ ట్రైనైట్రేట్ అసలు రూపంలో పొడి కాదు, నూనెలాంటి ద్రవం. డైనమైట్‌లో వాడే నైట్రోగ్లిసరిన్ అన్నా ఇదే పదార్థం. 1879లో విలియం మరెల్ అనే లండన్ డాక్టర్ దీన్ని ఛాతీ నొప్పికి వాడి రాశాడు. బిళ్లలో ఉండేది చాలా కొంచెం కాబట్టి పేలుతుందన్న భయం అక్కర్లేదు. కానీ ఆ కొంచెం కూడా కర్పూరంలా ఆవిరైపోయే రకం. మూత సరిగ్గా బిగించకపోతే గాల్లోకి పోతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ప్లాస్టిక్కే పీల్చుకుంటుంది. దూదీ అంతే, పక్కనున్న వేరే బిళ్లలూ అంతే. గాజు మాత్రం పీల్చుకోదు. అందుకే ఇక్కడ ఈ బిళ్లల్ని గాజు సీసాలో, మూత లోపల రేకు పొర వేసి, దూది లేకుండా ఇస్తారు. మీ మూత తిరగేసి చూడండి, వెండి రంగులో గుండ్రంగా మెరుస్తుంటే అదే ఆ రేకు. ఊడిపోయినా చిరిగినా ఆ సీసా షాపుకి తీసుకెళ్లి చూపించాలి.

ఇందులో భయపెట్టే సంగతి ఏమిటంటే, మందు పోయిన బిళ్ల చూడ్డానికి అచ్చం కొత్త బిళ్లలానే ఉంటుంది. రంగు మారదు, విరగదు. నాలుక మీద చురుక్కుమంటే మంచిదని, అనకపోతే పాడైందని కొందరు చెప్తారుగానీ దాన్ని నమ్ముకోవద్దు, మంచి బిళ్ల కూడా కొందరికి చురుక్కుమనదు. కాబట్టి కంటితో, నాలుకతో పరీక్ష పెట్టే బదులు తారీఖు చూడాలి. అంటే లేబుల్ చదవడం రావాలి.

ఆ అమ్మ సీసానే తీసుకుందాం. పైన మందు పేరు, పక్కన 500 మైక్రోగ్రాములు అని ఉంది. వెయ్యి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము, కాబట్టి ఇది 0.5 మిల్లీగ్రాము. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే మన దేశంలో ఇదే మందు 2.6 మిల్లీగ్రాముల బిళ్లగా స్ట్రిప్పుల్లో దొరుకుతుంది. అది మెల్లగా కరిగేలా చేసినది, రోజూ మింగేది, నొప్పి వచ్చిన నిమిషంలో పనికొచ్చేది కాదు. పేరు ఒకటే అయినా పని వేరు. ఊరి నుంచి ఎవరైనా తెచ్చిస్తే పేరు చూసి సరిపెట్టుకోకండి, అంకె చూడండి, నాలుక కింద పెట్టాలా మింగాలా అన్నది చూడండి.

తర్వాతి వాక్యం: అవసరమైనప్పుడు ఒకటి నాలుక కింద. ఆవిడ ఇక్కడే పొరబడింది. అవసరమైనప్పుడు అంటే రోజూ కాదు, నొప్పి వచ్చినప్పుడు. ముందు కూర్చోవాలి, బీపీ పడి కళ్లు తిరగొచ్చు. బిళ్ల మింగకూడదు, మింగితే చాలా భాగాన్ని లివరే విరిచేస్తుంది, గుండెదాకా చేరేది తక్కువ. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో పని మొదలవుతుంది. ఇక్కడ పాటించే లెక్క ఇది: అయిదు నిమిషాలకీ నొప్పి ఉంటే ఇంకొకటి, ఆ రెండోది వేసి అయిదు నిమిషాలైనా తగ్గకపోతే 999. మన దగ్గరైతే 108. నొప్పి పెరిగిపోతున్నా, చెమటలు పట్టి ఆయాసం వస్తున్నా ఆ లెక్క కోసం ఆగకుండా ఫోన్ చేసేయండి. అమెరికాలో మొదటి బిళ్లకి అయిదు నిమిషాల్లో తగ్గకపోతే వెంటనే ఫోన్ చేయమంటారు, కాబట్టి మీ డాక్టర్ చెప్పిన లెక్క ఏదో అడిగి సీసా పక్కనే రాసిపెట్టుకోండి. వయాగ్రా లాంటి మందులు వాడేవాళ్లు సిగ్గుపడకుండా ముందే చెప్పాలి, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆ కింద చిన్న అక్షరాల్లో హెచ్చరికలుంటాయి: నాలుక కింద కరగనివ్వండి, ఈ సీసాలోంచి వేరే దాంట్లోకి మార్చకండి, మూత గట్టిగా బిగించండి, తెరిచిన 8 వారాలకి పారేయండి. ఈ చివరిదాన్నే చాలామంది వదిలేస్తారు, ఎందుకంటే సీసా మీద ఇంకో తారీఖు కూడా అచ్చేసి ఉంటుంది, అది ఏడాది తర్వాతది కావచ్చు. అది మూత తీయని సీసాకి. తీశాక 8 వారాల లెక్కే నడుస్తుంది. అమెరికాలో అమ్మే కొన్ని బిళ్లలు మందు తొందరగా ఎగిరిపోకుండా వేరేలా తయారుచేస్తారు, అక్కడ అచ్చేసిన తారీఖే చూడమంటారు. కాబట్టి అమెరికాలో ఉన్న మేనత్త సీసా లెక్క మీ సీసాకి వేయకండి, మీ లేబుల్ ఏం చెప్తే అదే.

ఇప్పుడు అభ్యాసం. మార్చి 3న మూత తీశారు. వెంటనే పెన్నుతో లేబుల్ మీద ఆ తారీఖు రాయండి. 8 వారాలంటే 56 రోజులు: 28 రోజులకి మార్చి 31, ఇంకో 28కి ఏప్రిల్ 28. ఆ తారీఖు కూడా పక్కనే రాయండి. ఏప్రిల్ 28 నాటికి వందలో అరవై బిళ్లలు మిగిలున్నా సరే, సీసా మందుల షాపుకి తిరిగిచ్చేయాలి. కొత్తది చేతిలో లేకుండా పాతది ఇవ్వకూడదు కాబట్టి ఏప్రిల్ 21 నాటికే కొత్త సీసాకి అడగండి.

ఆ అమ్మకి గడుల్లోని బిళ్లలన్నీ తీయించి, పాత సీసాతో సహా వెనక్కి తీసుకుని, డాక్టర్‌తో మాట్లాడి కొత్త సీసా ఇప్పించాను. మెట్ల మీద వచ్చిన నొప్పి సంగతి కూడా ఆయనకి చెప్పాం. గలగల శబ్దానికి ఏం చేయాలని అడిగింది. సీసా బయట చిన్న గుడ్డ చుట్టమన్నాను, లోపల మాత్రం ఏమీ పెట్టవద్దన్నాను. నడుముకి దోపుకోవద్దనీ చెప్పాను, ఒంటి వేడికి మందు ఇంకా తొందరగా పోతుంది. సీసాని 25 డిగ్రీలు దాటని చోట ఉంచమంటారు, అందుకే కారులోనూ వద్దు.

నాలుగో పాఠంలో ఇదే మందు స్ప్రే రూపంలో. దానికి తెరిచాక 8 వారాల గొడవ లేదు, అయితే మొదటిసారి వాడే ముందు దాన్ని సిద్ధం చేసుకునే పద్ధతి ఒకటుంది, అక్కడ మొదలుపెడదాం.