సబ్మిట్ కొట్టాక రెజ్యూమేలో తప్పు కనబడిందా? ఫ్రెషర్లు ముందు ఇది చూడండి

అప్లికేషన్ పంపేశాక తప్పు కనబడగానే చాలామంది చేసే మొదటి పని విత్‌డ్రా బటన్ నొక్కడం. అది మాత్రం వెంటనే చేయకండి, ఎందుకో కింద చెప్తాను. ఇక్కడ రాసేదంతా బీటెక్, డిగ్రీ అయ్యి కంపెనీల కెరీర్ పోర్టల్స్‌లోనో, కాలేజీ డ్రైవ్‌లోనో అప్లై చేసినవాళ్ల కోసం. గవర్నమెంట్ పరీక్షల కరెక్షన్ సంగతి వేరు, దానికి ఆ నోటిఫికేషన్‌లో చెప్పిందే రూలు.

సమస్య: అప్లై చేశాను, ఏ మెయిలూ రాలేదు

మామూలుగా సబ్మిట్ చేసిన కాసేపటికే "మీ అప్లికేషన్ అందింది" అని ఒక మెయిల్ వస్తుంది. స్పామ్‌లో కూడా లేదంటే మెయిల్ ఐడీ తప్పు పడిందేమో చూడాలి. రెజ్యూమే అప్‌లోడ్ చేయగానే పోర్టల్ తనంతట తానే బాక్సులు నింపేస్తుంది కదా, అక్కడే ఎక్కువగా దొర్లుతుంది, పాత నంబరు వచ్చి కూర్చుంటుంది, లేదా కాలేజీ వాళ్లిచ్చిన ఐడీ పడుతుంది (కోర్సు అయ్యాక చాలా కాలేజీలు దాన్ని ఆపేస్తాయి).

లాగిన్ అవ్వగలిగితే పని తేలిక. ప్రొఫైల్‌లో ఫోన్, మెయిల్ మార్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది. కాకపోతే ప్రొఫైల్ మారినంత మాత్రాన ముందే పంపిన రెజ్యూమే ఫైల్ మారదు, అందులో పాత నంబరు అలాగే ఉంటుంది. కాబట్టి రిక్రూటర్ కాంటాక్ట్ ఏదైనా దొరికితే సరైన నంబరు ఒక లైన్‌లో మెయిల్ చేసేయండి. లాగిన్ ఐడీయే తప్పుగా కొట్టి ఉంటే మాత్రం కొత్త అకౌంట్‌తో మళ్లీ అప్లై చేయడం తప్పదు. ఒకే పేరుతో రెండు అప్లికేషన్లు చూసి డూప్లికేట్ అనుకుని పక్కన పెట్టే అవకాశం ఉంది కాబట్టి మొదటిది లెక్కలోకి తీసుకోవద్దని కూడా రాయండి.

సమస్య: వేరే ఫైల్ వెళ్లిపోయింది

డౌన్‌లోడ్స్‌లో `Resume_final.pdf`, `Resume_final(2).pdf` పక్కపక్కనే ఉంటే ఇదే జరుగుతుంది. పాతది వెళ్తుంది, లేదా ఆబ్జెక్టివ్‌లో ఇంకో కంపెనీ పేరున్నది వెళ్తుంది. చాలా పోర్టల్స్‌లో సబ్మిట్ అయ్యాక ఎడిట్ ఉండదు, మళ్లీ అప్లై చేయాలంటే ముందు విత్‌డ్రా చేయాలి. ఇక్కడే జాగ్రత్త: కొన్ని కంపెనీల సెట్టింగ్‌లో విత్‌డ్రా చేసినవాళ్లు అదే పోస్టుకి మళ్లీ అప్లై చేయలేరు. గడువు అయిపోయి ఉంటే అసలు పోస్టే కనబడదు. ఆన్‌లైన్ టెస్ట్ లింక్ వచ్చాక విత్‌డ్రా చేస్తే ఆ లింక్ కూడా పోవచ్చు.

అందుకని ముందు పోస్టు ఇంకా ఓపెన్‌లో ఉందో లేదో చూడండి, తర్వాత మీ స్టేటస్ చూడండి, మళ్లీ అప్లై చేయొచ్చా అన్నది ఆ పోర్టల్ హెల్ప్ పేజీలో వెతకండి. మూడూ అనుకూలంగా ఉంటేనే విత్‌డ్రా. స్టేటస్ ముందుకు కదిలి ఉంటే దాన్ని ముట్టుకోకుండా సరైన ఫైల్ మెయిల్‌లో పంపండి.

స్పెల్లింగ్ తప్పులు, ఫాంట్, ఒక కామా లాంటివైతే ఏమీ చేయకండి. దాని కోసం మెయిల్ పెడితే చూడనివాళ్లకి కూడా మీరే చూపించినట్టవుతుంది. ఇంటర్వ్యూకి సరిదిద్దిన కాపీ పట్టుకెళ్తే చాలు.

సమస్య: పర్సెంటేజీ తప్పు వేశాను

నిజంగా టెన్షన్ పడాల్సింది దీనికే, పైగా చాలామందికి తప్పు వేశామని కూడా తెలీదు. మెమోలో ఉండేది సీజీపీఏ, ఫారంలో అడిగేది పర్సెంటేజీ. కొందరు నేరుగా 10తో గుణిస్తారు, కొందరు 9.5తో గుణిస్తారు. ఆ 9.5 అనేది సీబీఎస్ఈ పదో తరగతికి ఒకప్పుడు ఉన్న లెక్క, బీటెక్‌కి కూడా అదే వర్తిస్తుందని కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ పద్ధతిలో అయితే సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. మిగతా యూనివర్సిటీల సూత్రం వేరుగా ఉండొచ్చు, మీ రెగ్యులేషన్స్ పుస్తకంలోనో మెమో వెనకాలో ఉన్నదే వాడండి.

ఒక అమ్మాయి సీజీపీఏ 6.8 అనుకుందాం. తను 68 శాతం అని వేసింది, సరైన లెక్క 63. కంపెనీ కటాఫ్ 60. అంటే సరిదిద్దినా తను అర్హురాలే, చెప్పడం వల్ల పోయేదేమీ లేదు. చెప్పకపోతే మాత్రం డాక్యుమెంట్ వెరిఫికేషన్‌లో కన్సాలిడేటెడ్ మెమో చూసినవాళ్లకి 68కీ 63కీ తేడా కనబడుతుంది, అప్పుడు అది పొరపాటా, కావాలని వేశారా అన్నది వాళ్ల ఇష్టం.

అదే 6.3 ఉన్న అబ్బాయైతే? 63 అని వేశాడు, సరైనది 58, కటాఫ్ కింద పడ్డాడు. వెంటనే ఆశ వదులుకోకుండా ముందు నోటిఫికేషన్ మళ్లీ చదవాలి, ఎందుకంటే చాలా కంపెనీలు "60 శాతం లేదా 6 సీజీపీఏ" అని రాస్తాయి. అలా ఉంటే 6.3తో అతను అర్హుడే, సరిదిద్దేటప్పుడు సీజీపీఏనే ముందు రాయాలి. 60 శాతం అని మాత్రమే ఉంటే ఆ ఉద్యోగం పోయినట్టే అనుకోవచ్చు, అయినా చెప్పాల్సిందే. ఆఫర్ లెటర్ వచ్చి, ఊర్లో అందరికీ చెప్పుకుని, జాయినింగ్ రోజున మెమో దగ్గర ఆగిపోవడం కంటే ఇదే నయం.

మెయిల్ ఎలా ఉండాలంటే, సబ్జెక్ట్‌లో పేరు, అప్లికేషన్ నంబరు, `Correction in application` అన్న మాట. లోపల ఫారంలో ఏం వేశారో, సరైనది ఎంతో, తేడా ఎందుకొచ్చిందో (సీజీపీఏని మార్చేటప్పుడు తప్పు సూత్రం వాడాను, అంతే), ఇంకా మెమో కాపీ. కటాఫ్‌కి పైనే ఉంటే ఆ మాట కూడా ఒక లైన్‌లో కలపండి. పేజీడు క్షమాపణలు ఎవరూ చదవరు.

కాలేజీ డ్రైవ్ అయితే నేరుగా కంపెనీకి రాయకండి. మీ వివరాలున్న ఎక్సెల్ షీట్‌ని కంపెనీకి పంపేది ప్లేస్‌మెంట్ ఆఫీసర్, ఆయనకి తెలియకుండా మీరు ఒక లెక్క, షీట్‌లో ఇంకో లెక్క ఉంటే ఇద్దరికీ ఇబ్బంది. "సార్, నా పర్సెంటేజీ తప్పు పడింది, షీట్‌లో మార్చి పంపుతారా" అని అడిగి, మెయిల్‌లో కూడా పెట్టండి.

జవాబు రాకపోవచ్చు, తరచూ రాదు కూడా. పంపిన మెయిల్ మాత్రం డిలీట్ చేయకండి. తర్వాత టెస్ట్ రోజున, ఇంటర్వ్యూ ముందు మళ్లీ ఒక ఫారం నింపిస్తారు కదా, అందులో పాత తప్పుని కాపీ చేయకుండా సరైన అంకె వేయండి. హెచ్ఆర్ తేడా ఎందుకని అడిగితే ఫలానా తేదీన మెయిల్ చేశానని ఫోన్‌లో చూపించొచ్చు. నౌక్రీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లలో కూడా అదే అంకె ఉండేలా మార్చుకోండి.

బ్యాక్‌లాగ్స్ ఉండి లేవని టిక్ పెట్టినా, రెండు నెలల ఇంటర్న్‌షిప్‌ని ఆరు నెలలని వేసినా ఇదే దారి. ఇంటర్న్‌షిప్‌కైతే సర్టిఫికెట్‌లో ఉన్న తేదీలే ప్రమాణం, మీకు గుర్తున్నవి కాదు.